ఐదో వ్యాను

మూడేళ్ల కిందట నా భార్య రోలర్ మిషను పక్కన పడి చనిపోతే లాండ్రీలో పని పదకొండు నిమిషాలు ఆగింది. ఈ వేసవిలో మంచినీళ్ల విరామం ఒకటి ఎత్తేస్తే పదహారు రోజులు ఆగింది. ఈ తేడా ఎందుకొచ్చిందో తేల్చడానికి మా మరదలి కూతురు సమ్మె రెండో రోజున సంచీ భుజాన వేసుకుని మా ఇంటికి దిగింది.

కాలేజీలో సమాజశాస్త్రం చదువుతోంది. నేను చదివింది ఊరి బడిలో ఎనిమిదో తరగతి. బాయిలరు సర్టిఫికెట్ మాత్రం ఉంది.

"ఉద్యమాలు ఎందుకు పుడతాయో రాయాలి పెదనాన్నా. మీ సమ్మెనే తీసుకున్నాను."

"ఇందులో రాయడానికేముందే. కడుపు మండింది, బయటికొచ్చారు."

"అదొక వాదం. పాతది. బాధ పెరుగుతుంది, కోపం పెరుగుతుంది, ఒకరోజు బద్దలవుతుంది. ఇంకో వాదముంది. బాధ ఎప్పుడూ ఉంటుంది, ఎక్కడైనా ఉంటుంది. అదొక్కటే కారణమైతే రోజూ ఎక్కడో ఒకచోట సమ్మె జరుగుతూనే ఉండాలి. జరగదు. ఎందుకంటే జనాన్ని ఒకచోటికి చేర్చడానికి సరంజామా కావాలి. మనుషుల పేర్లు, ఫోన్లు, చోటు, తిండి, సమయం, బయటివాళ్ల సాయం. అవి సమకూరినప్పుడు ఉద్యమం లేస్తుంది."

"అంటే మీ పెద్దమ్మ చచ్చిపోవడం లెక్కలోకి రాదా?"

అది నా మొహం చూసి పెన్ను మూత పెట్టేసింది. పెద్దమ్మ అంటే దానికి ప్రాణం. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ మొండితనం మా ఆవిడదే.

మాది ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. మురికి మూటలొస్తాయి, ఉతుకుతారు, పిండుతారు, వేడి రోలరు కింద తోసి ఇస్త్రీ చేస్తారు, మడత పెడతారు. అన్నిటికీ ఆవిరి నా బాయిలరు నుంచి పోతుంది. రోలరు గదికి పెరటివైపు ఒక తలుపుంది. ఆడవాళ్లు గాలికని బయటికెళ్లి కూర్చుంటున్నారని, తువ్వాళ్లు పోతున్నాయని సూపర్‌వైజరు దానికి తాళం వేయించాడు. ఆ రోజు మా ఆవిడ కళ్లు తిరుగుతున్నాయని ఆ తలుపు దగ్గరికి వెళ్లింది. తాళంచెవి అతని జేబులో ఉంది. అతను క్యాంటీన్‌లో ఉన్నాడు. ముందు గుమ్మం దాకా మోసుకెళ్లేసరికి అయిపోయింది. గుండెజబ్బు ముందునుంచీ ఉందని కాగితం రాశారు. జనం అతనికి తాళం అని పేరు పెట్టారు. పేరు పెట్టి, వెళ్లి రోలరు తిప్పారు. పక్క రోలరు మీద పనిచేసే కత్తెరక్క అందరికంటే ముందు వెళ్లింది. దుప్పటి మాడిపోతోందట. చిరుగులు కత్తిరించి కుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరని ఆ పేరొచ్చింది. ఆమెతో నేను మూడేళ్లుగా మాట్లాడలేదు.

"అప్పుడు రానివాళ్లు ఇప్పుడెందుకొచ్చారు?" అని పిల్ల నన్నే అడిగింది.

"పాపం పండింది."

"అది కారణం కాదు పెదనాన్నా, తిట్టు. పోనీ, అప్పటికంటే ఇప్పుడు ఎక్కువ కష్టంగా ఉందా?"

ఇదిగో, ఇక్కడే నాకు చిక్కొచ్చింది. అప్పటికంటే ఇప్పుడు సుఖమే. శీతాకాలంలో కంపెనీ ఊరి బయట కొత్త షెడ్డులోకి మారింది. పైకప్పు ఎత్తు. పెద్ద ఫ్యాన్లు. జీతం కూడా కాస్త పెంచారు. షెడ్డు మారింది కానీ తాళం మారలేదు. అక్కడా పెరటి తలుపుకి వేశాడు. అయినా పాత గదితో పోలిస్తే చల్లగానే ఉంది.

"మా మేడం దీనికీ ఒక సమాధానం చెబుతుంది," అంది అది. "కాస్త సుఖం రుచి చూసినవాడికి ఆశ పెరుగుతుంది, ఉన్నదానికీ ఆశకీ మధ్య దూరం పెరిగి కోపమొస్తుందని. లేదా కొత్తగా, హఠాత్తుగా నెత్తిన పడ్డ బాధ పాత బాధకంటే ఎక్కువ మండిస్తుందని. నీళ్ల విరామం తీసేశారు కదా, అలాగ."

"చెప్పానా? అదే!"

"ఇదివరకు ఎన్నిసార్లు తీసేశారు?"

గుర్తు చేసుకున్నాను. పాత షెడ్డులో నాలుగుసార్లు విరామం ఎత్తేశాడు తాళం. పండగ ముందు, ఆర్డర్లు ఎక్కువైనప్పుడు. గొణుక్కున్నారు. అంతే.

అది పెన్ను మూత తీసింది.

పాత షెడ్డుకు అందరూ సిటీ బస్సుల్లో, ఎవరి దారిన వాళ్లు వచ్చేవాళ్లు. కొత్త షెడ్డుకు బస్సు లేదు. కంపెనీ ఐదు వ్యాన్లు పెట్టింది. డీజిలు కలిసొస్తుందని నాలుగు వ్యాన్లకు రూట్లు, మనుషులు ఖాయం చేశారు. వ్యానుకి పద్నాలుగు మంది, ఎవరి సీటు వాళ్లదే. పోను గంటంబావు, రాను గంటంబావు. ఆలస్యమైనవాళ్ల కోసం బండి ఆగకూడదని వ్యానుకొకరికి లిస్టు అప్పజెప్పారు. అందులో అందరి ఫోను నంబర్లు, ఎక్కే చోట్లు. రెండో వ్యాను లిస్టు కత్తెరక్క చేతిలో ఉండేది. ఆ వ్యాను నాది కూడా.

నేను కిటికీ పక్కన కూర్చుని ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. కానీ చెవులున్నాయి కదా. మొదటి నెల అంతా నిద్రపోయారు. రెండో నెల చంటిపిల్లల జ్వరాల గురించి మాట్లాడుకున్నారు. మూడో నెల చేతులు పక్కపక్కన పెట్టి కాలిన మచ్చలు చూసుకున్నారు. తాళం నడక అనుకరించి నవ్వించే మనిషి ఒకడు తేలాడు. విరామం తీసేసిన సాయంత్రం కత్తెరక్క కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది.

"రేపు నేను లోపలికి పోను. గేటు దగ్గరే కూర్చుంటా. ఒక్కదాన్ని కూర్చుంటే పిచ్చిదంటారు. పద్నాలుగు మంది కూర్చుంటే ఏమంటారో చూద్దాం. దిగేలోపల చెప్పండి."

"మిగతా బళ్లవాళ్లో?" అని ఎవరో అడిగారు.

"వాళ్ల లిస్టులు ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసుగా."

ఆఖరి మనిషి దిగేలోపల లిస్టులున్న మిగతా మూడు బళ్లకూ ఫోన్లు వెళ్లాయి. కంపెనీవాళ్లు రాసిచ్చిన నంబర్లే.

మర్నాడు నాలుగు వ్యాన్లు గేటు దగ్గర ఖాళీ అయ్యాయి. ఐదోది లోపలికి పోయింది.

ఐదో వ్యాను మిగిలినవాళ్లది. దానికి రూటు లేదు, లిస్టు లేదు. ఎక్కడ ఎక్కాలో పొద్దున డ్రైవరు చెబితేనే తెలుస్తుంది. మధ్యలో ఏ బండిలో ఖాళీ ఉంటే ఆ బండికి మార్చేస్తారు. ఒకరి పక్కన ఒకరు వరసగా రెండు రోజులు కూర్చోరు. పిల్ల వాళ్లిళ్లకు ఒక్కొక్కరి దగ్గరికీ పోయింది. మూడు రోజులు తిరిగి, ఎండకు కమిలిన మొహంతో వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"రోలరు మీద పనిచేసేవాళ్లు మొత్తం తొమ్మిది మంది. అందులో ఐదుగురు ఐదో వ్యానువాళ్లే. ఒకామెకు మోచేతి దాకా మచ్చలే. అందరికంటే ఎక్కువ కాలింది వాళ్లకి పెదనాన్నా. వాళ్లే రాలేదు."

"పిరికివాళ్లు."

"ఒకామె ఏడ్చింది. 'నన్నెవరూ పిలవలేదమ్మా' అంది."

నేను లేచి కుండలోంచి నీళ్లు ముంచి దాని చేతికిచ్చాను. జవాబు చెబితే ఏదో ఒప్పుకోవాల్సి వచ్చేది.

ఈలోపు, నాలుగో రోజుకే బయటివాళ్లొచ్చారు. బస్సు కార్మికుల యూనియన్ వాళ్లకి గేటుకి దగ్గర్లో హాలుంది. వాళ్ల పెద్దాయన అది తెరిచి ఇచ్చాడు. ఫ్యాన్లు, మైకు, మరుగుదొడ్డి, ఒక లాయరు. వంట మాత్రం వ్యాన్ల వంతు. ఈరోజు ఒకటో వ్యాను వండితే రేపు రెండోది. భోజనం కూడా వ్యాను పేరు మీదే. పొద్దున ఎనిమిదికి గేటు దగ్గర కనబడని మనిషికి ఆ రోజు ముద్ద లేదు. అంతటితో వదలరు. మిగతా పదమూడు మందీ ఆ మనిషి ఇంటికి పోతారు.

మడత పెట్టే సెక్షనులో ఒకడున్నాడు. వాడు ఇంట్లో పడుకుని, "మీరు గెలిస్తే నాకూ వస్తుంది, ఓడిపోతే నా ఉద్యోగం నాకుంటుంది. నేనెందుకు ఎండలో మాడాలి?" అన్నాడట.

"తెలివైనవాడు," అన్నాను.

"అందరూ అంత తెలివిగా ఉంటే సమ్మె ఉండదు," అంది పిల్ల. "అందుకే తిండి, పేరు, సిగ్గు వాడతారు. వచ్చినవాళ్లకే దక్కేవి, రానివాళ్లకి పోయేవి."

పదమూడు మందీ వాడి గుమ్మంలో కూర్చుని వాడి భార్యను మంచినీళ్లడిగారు. ఒక్కొక్కరూ విడివిడిగా. ఐదో చెంబుకి ఆమె వాణ్ణి చొక్కా పట్టుకుని బయటికి తోసింది.

డిమాండ్లు నాలుగు. నీళ్ల విరామం. పెరటి తలుపు తెరిచి ఉంచడం. జీతం పెంపు. తాళాన్ని పనిలోంచి తీసేయడం. ఆ నాలుగోది నేను రాయించాను. వాళ్లకి మా ఆవిడ ఫొటో కావాల్సి వచ్చింది. నేనిచ్చాను, బదులుగా ఆ వాక్యం రాయించుకున్నాను. ఫొటో పెద్దది చేసి హాలు గుమ్మానికి కట్టారు. పేపర్లవాళ్లు దాని ముందు నిలబడ్డారు. మూడేళ్లలో లేని గౌరవం మూడు రోజుల్లో జరిగింది ఆమెకి. చూస్తుంటే నాకు పళ్లు నూరుకోవాలనిపించింది.

పద్నాలుగో రోజున కంపెనీ మూడింటికి ఒప్పుకుంది. నాలుగోది కుదరదంది. హాలు పెద్దాయన మైకు పట్టుకున్నాడు.

"నాలుగింట్లో మూడు వచ్చాయి. ఇది గెలుపు కాకపోతే ఏది గెలుపు? ఆస్పత్రుల్లో రోగులు దుప్పట్లు లేక పడుకుంటున్నారు, పేపర్లు మనమీదికి తిరుగుతున్నాయి. ఒక్క మనిషి కోసం లాగితే మొత్తం పోతుంది. ఇంకో మాట, సోమవారం నుంచి ఈ హాలు మా వాళ్ల సభకి కావాలి. మీ ఇష్టం."

మీ ఇష్టం అనే మాట అంత బరువుగా ఉంటుందని నాకప్పుడు తెలిసింది. చోటు ఇచ్చినవాడు దారి కూడా ఇస్తాడు.

నేను లేచాను. సభలో ఎన్నడూ మాట్లాడనివాణ్ణి. ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాను. తలుపు మీద ఆమె గోళ్ల గీతలు ఎన్నున్నాయో చెప్పాను. హాలు మొత్తం ఏడ్చింది. కత్తెరక్క కొంగు నోట్లో కుక్కుకుంది. మడతవాడు కూడా ఏడ్చాడు.

తర్వాత చేతులెత్తమన్నారు. కళ్లు తుడుచుకున్న చేతులే లేచాయి, ఒప్పందానికి. కత్తెరక్క చెయ్యి కూడా.

బయటికొచ్చాక పిల్ల నా పక్కన నడిచింది.

"రాసుకున్నావా?" అన్నాను.

"ఇది రాయను పెదనాన్నా."

"రాయి. ఏడ్చారు, చెయ్యెత్తారు. అలాగే రాయి."

సంతకాలు మర్నాడు అయ్యాయి. సోమవారం పొద్దున ఆరింటికి పని మొదలు. జనం వెంటనే రావాలని కంపెనీవాళ్లే తొందరపడి కాగితంలో ఒక మాట రాశారు: ఆరింటికల్లా హాజరు వేసుకున్నవాళ్లకి ఆ రోజు పని ఉన్నా లేకున్నా పూర్తి కూలి. లాయరు ఆ మాట చదివి వినిపించినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. పక్షం రోజులుగా పిల్ల నోట వింటున్న పాఠం అప్పుడు బుర్రలోకి దిగింది. నా దగ్గర కన్నీళ్లున్నాయి, వాటితో పనికాలేదు. ఇంకేం ఉంది నా దగ్గర?

బాయిలరు ఉంది.

సర్టిఫికెట్ లేనివాడు దాన్ని వెలిగించకూడదు. లాండ్రీలో అది ఇద్దరికే ఉంది, నాకూ నా జోడీకీ. నేను పగలు, అతను రాత్రి. పదిహేను రోజులు చల్లబడ్డ బాయిలరుని హఠాత్తుగా మండిస్తే గొట్టాలు పగులుతాయి. సన్నమంట మీద గంటలు గంటలు కాగాలి. బయటినుంచి ఇంకొకణ్ణి పిలిపించినా ముందు అంతా తనిఖీ చేసుకోకుండా చెయ్యి వెయ్యడు. అంటే నేనూ జోడీ కలిసి కాదంటే ఒక రోజంతా ఆవిరి లేదు. ఆస్పత్రుల మూటలు అప్పటికే గేటు దాకా పేరుకుపోయి ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం జోడీ ఇంటికెళ్లాను. అతను ముసలివాడవుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వదిన సంగతి గుర్తుచేయడానికొచ్చావా?" అన్నాడు. "నిన్న విన్నానుగా. చెయ్యెత్తాను కూడా. తిట్టుకో."

"ఆమె ఊసు వద్దు. నీకు పగలు డ్యూటీ కావాలని ఎన్నేళ్లుగా అడుగుతున్నావు?"

"ఆరేళ్లు. ఏం, ఇస్తావా?"

"ఇస్తాను. ఇకమీదట రాత్రిళ్లన్నీ నావి. రాసిస్తాను. రేపొక్కరోజు నీకు కడుపునొప్పి రావాలి."

అతను నావైపు అదోలా చూశాడు. లోపలినుంచి అతని భార్య కేకేసింది: "ఇంకా ఆలోచిస్తావేంటయ్యా? నొప్పి నేను తెప్పిస్తాను!"

సోమవారం పొద్దున ఐదు వ్యాన్లూ లోపలికొచ్చాయి. హాజరు పడింది. మేనేజరు బాయిలరు గదికొచ్చాడు.

"ఏమయ్యా, ఇంకా వెలిగించలేదేం?"

"సూపర్‌వైజరు ఈ షెడ్డులో ఉన్నంతసేపు వెలగదు సార్."

"ఒప్పందం అయిపోయింది. సంతకాలయ్యాయి!"

"నేను సంతకం పెట్టలేదు."

"రెండోవాణ్ణి పిలిపిస్తాను."

"పిలవండి. కడుపునొప్పిట."

అతను కేకలేశాడు. పోలీసులన్నాడు, ఉద్యోగం పోతుందన్నాడు. నేను బల్లమీద కూర్చున్నాను. తీసేస్తే నన్నే తీసేస్తారు, దానికి సిద్ధపడే వచ్చాను. కానీ నన్ను తీసేసినా ఆవిరి రాదు. అది అతనికి అర్థమవడానికి గంట పట్టింది.

అప్పుడొక వింత జరిగింది. షెడ్డులో డెబ్భై మంది ఖాళీగా కూర్చున్నారు. కూలి ఖాయం. పోయేదేమీ లేదు. అప్పుడు పుట్టుకొచ్చింది అందరికీ మా ఆవిడ మీద ప్రేమ. మేనేజరు వాళ్ల దగ్గరికెళ్లి "ఆయనకి మీరైనా నచ్చజెప్పండి" అంటే మడతవాడు అందరికంటే ముందు లేచి, "మా అక్కని చంపినవాడి కింద పనిచేయం!" అని అరిచాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. ఐదో వ్యాను రోలరు ఆడవాళ్లు మాత్రం అరవలేదు. వాళ్లు లేచి వెళ్లి పెరటి తలుపు ముందు నేలమీద కూర్చున్నారు. పదిహేను రోజులుగా పిల్ల వాళ్లిళ్ల మధ్య తిరుగుతూ ఒకరి నంబరు ఒకరికి ఇస్తోందని నాకు తర్వాత తెలిసింది. "చదువుకోడానికి వచ్చినవాళ్లు అలా చెయ్యకూడదు," అని ఒప్పుకుంది తలొంచుకుని. అదొక్కటే తప్పు చేసింది అది. ఆ తప్పుకి నేను దాని నెత్తిన చెయ్యి పెట్టాను.

ఆస్పత్రుల నుంచి ఫోన్లు ఆగలేదు. రెండు దాటాక తాళం సంచీతో బయటికొచ్చాడు. నా గది ముందునుంచే దారి. ఆగాడు. మూడేళ్లలో మొదటిసారి నా కళ్లలోకి చూశాడు.

"తలుపులు వేయమని పైవాళ్లు చెప్పారయ్యా. నేను కాకపోతే ఇంకొకడు వేసేవాడు. నన్నొక్కణ్ణి పట్టుకుంటే ఏమొస్తుంది నీకు?"

"ఆ రోజు తాళంచెవి పైవాళ్ల జేబులో లేదు."

"నాకూ పిల్లలున్నారు."

"వాళ్లకి గుర్తుండేలా చెప్పు, ఎందుకు పోయిందో ఉద్యోగం."

అతను తల దించుకుని సంచీ భుజానికెత్తుకున్నాడు. చూశాను. తల తిప్పుకోకుండా, గేటు దాటేదాకా పూర్తిగా చూశాను. తర్వాత అగ్గిపుల్ల గీశాను.

ఆవిరి ఒత్తిడి చూపే గడియారంలో ముల్లు మెల్లగా లేస్తుంటే కత్తెరక్క గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"కడుపు చల్లబడిందా అన్నా?"

ముల్లు వైపే చూశాను.

"ఆ రోజు నేనొక్కదాన్నీ ఆగి ఏం చేసేదాన్ని? పక్కన నిలబడేవాళ్లెవరో తెలియదు నాకప్పుడు. ఇప్పుడైనా ఒక్క మాట మాట్లాడు."

ఆమె చెప్పింది నిజమే. పిల్ల పుస్తకం కూడా అదే చెబుతుంది. నిజమైనంత మాత్రాన నేను మాట్లాడాలని లేదు. ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

పిల్ల వెళ్లేముందు తాను రాసింది చదివి వినిపించింది. సమ్మె ఎప్పుడొచ్చిందో, ఎవరొచ్చారో, ఎవరు రాలేదో అదంతా వ్యాన్లు, లిస్టులు, హాలు చెబుతాయట. ఎంతకి రాజీపడ్డారో కూడా హాలే చెబుతుందట. కానీ రాజీ తర్వాత ఒక మనిషి ఎందుకు ఆగలేదో వాటితో తేలదట, అక్కడ మళ్లీ కడుపుమంట దగ్గరికే రావాలట.

"మరి గెలిచింది ఏ వాదం?"

"రెండూ కావాలి పెదనాన్నా."

"గోడమీద పిల్లిలా రాశావు."

"నువ్వు మాత్రం? మంటతో మొదలెట్టి డ్యూటీ మార్పిడితో గెలిచావు."

చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. బస్సెక్కించి వచ్చాను.

వానలు మొదలయ్యేముందు ఒక కబురు తెలిసింది. తాళానికి ఊరికి అవతలివైపు ఇంకో లాండ్రీలో ఉద్యోగం దొరికింది. అదే పని. రెండు తలుపులకి తాళాలు వేయించాడట. రాత్రి డ్యూటీ కాబట్టి పగలు నా చేతిలోనే ఉంది. బస్సు మారి వెళ్లాను. మధ్యాహ్నం షిఫ్టు వదిలారు. ఆడవాళ్లు ఎవరి దారిన వాళ్లు తల వంచుకుని నడిచిపోతున్నారు. వ్యాన్లు లేవు. ఒకామె చెట్టు నీడన చెప్పు తెగి ఆగింది. మణికట్టు మీద తాజా మచ్చ.

"కొత్త సూపర్‌వైజరు ఎలాంటివాడమ్మా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీకెందుకు బాబాయ్? అందరికీ మంటగానే ఉంది. ఏం లాభం?"

"మంట సంగతి అడగడం లేదు. మీరంతా రోజూ కలిసేది ఎక్కడ?"

"ఎక్కడా కలవం. లోపల మాట్లాడనివ్వరు. బయటికొస్తే ఇంటి పనులు." చెప్పు చేత్తో పట్టుకుని రెండడుగులు వేసింది. ఏదో గుర్తొచ్చి ఆగింది. "నీళ్ల ట్యాంకరు దగ్గర తప్ప. మా బస్తీలోనే సగం మందిమి ఉంటాం. బిందెలు వరసలో పెట్టి అక్కడే నిలబడతాం గంటసేపు."

"రోజూ వాళ్లేనా?"

"రోజూ వాళ్లే."

"ట్యాంకరు ఎన్నింటికొస్తుందమ్మా?" అన్నాను.